కాలమ్ బాక్సుకు పొట్ట ఎక్కడ వస్తుంది, పాలు ఎక్కడ కారతాయి

కాలమ్ పోసిన మర్నాడు చుట్టూ కట్టిన ప్లైవుడ్ బాక్స్ విప్పగానే అనుభవమున్న మేస్త్రి ముందు పైకి చూడడు. వంగి, మోకాలి ఎత్తులో కాంక్రీటు మీద అరచెయ్యి పెట్టి నిమురుతాడు. పొట్ట వస్తే అక్కడే వస్తుందని, సిమెంటు పాలు కారి గుల్లబారితే ఇంకాస్త కిందనే ఉంటుందని అతనికి తెలుసు. ఎందుకలా అని అడిగితే మాత్రం చాలామంది "బరువు కదండీ, కిందకి దిగుతుంది" అంటారు. అది సగమే నిజం.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక కాలమ్ ఇలాగే దెబ్బతింది. 300 × 450 మి.మీ. సైజు, 3 మీటర్ల ఎత్తు. 12 మి.మీ. ప్లైవుడ్, దాని వెనక ఆసరాగా నిలువు చెక్క రన్నర్లు, వాటి చుట్టూ బిగించే ఎనిమిది క్లాంపులు. నేనే టేపు పట్టుకుని ఎనిమిదింటినీ సమాన దూరంలో, చూడముచ్చటగా పెట్టించాను. విప్పి చూస్తే 450 ముఖం నేల నుంచి సుమారు 400 మి.మీ. ఎత్తులో 18 మి.మీ. బయటికి వచ్చి ఉంది. పైన రెండు మీటర్ల దగ్గర మట్టపలక పెడితే వెలుతురు కూడా దూరలేదు. "క్లాంపులు చాల్లేదు, ఇంకో నాలుగు తెప్పించండి" అన్నారు. నిజానికి ఆ ఎనిమిదే సరిపోతాయి. వాటిని పెట్టిన చోట్లే తప్పు.

ఒక టన్ను కాంక్రీటు, ఐదు టన్నుల తోపు

పోసేటప్పుడు, ముఖ్యంగా వైబ్రేటర్ తిరుగుతున్నప్పుడు, కాంక్రీటు ఘనపదార్థంలా ప్రవర్తించదు. చిక్కటి ద్రవంలా ఉంటుంది. ద్రవం కిందికి మాత్రమే బరువు మోపదు, పక్కలకూ అంతే బలంగా తోస్తుంది. ఎంత తోస్తుందనేది పైన ఎంత ఎత్తు నిండి ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. కాలమ్ లావుగా ఉందా, సన్నగా ఉందా అనే దానితో పని లేదు.

ఘనమీటరు పచ్చి కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. మూడు మీటర్లు నిండితే అడుగున చదరపు మీటరుకు 7,200 కిలోల ఒత్తిడి. మీటరున్నర ఎత్తులో అందులో సగం. పైఅంచు దగ్గర సున్నా.

ఇప్పుడు మన కాలమ్ చూద్దాం. అందులో పట్టే కాంక్రీటు 0.4 ఘనమీటరు, అంటే బరువు ఒక టన్నుకు కాస్త తక్కువ. కానీ 450 మి.మీ. వెడల్పు ముఖం ఒక్కదాని మీద పడే మొత్తం తోపు లెక్కేస్తే దాదాపు 4.9 టన్నులు వస్తుంది. టన్ను సరుకు పోస్తే ఒక్క పక్కనే ఐదు టన్నుల తోపు ఏమిటి అనిపిస్తుంది. ద్రవాల తీరే అంత. అందుకే "సన్న కాలమే కదా, లైట్ తీసుకో" అన్న మాట నాకు నచ్చదు. 230 మి.మీ. కాలమ్ అయినా మూడు మీటర్ల ఎత్తు ఉంటే అడుగున ప్లైవుడ్ మీద పడే ఒత్తిడి అదే 7,200.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. ఒత్తిడి పైన సున్నాతో మొదలై కిందికి తిన్నగా పెరుగుతుంది కాబట్టి, మొత్తం తోపులో సరిగ్గా సగం అడుగునున్న 29 శాతం ఎత్తులోనే పడుతుంది. మూడు మీటర్లలో అది 88 సెంటీమీటర్లు. అంటే నడుము ఎత్తు కూడా కాదు. మిగతా సగం తోపు పైనున్న రెండు మీటర్ల పైచిలుకు మీద పరుచుకుని ఉంటుంది.

గోడల్లో, పెద్ద పోతల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. గంటకు మీటరు చొప్పున నెమ్మదిగా పోస్తే పైభాగం నిండేలోపు అడుగు గట్టిపడటం మొదలై, తోపు తగ్గుతుంది. కాలమ్‌లో ఆ వెసులుబాటు లేదు. 0.4 ఘనమీటరు పంపుకు నిమిషాల పని. తట్టలతో పోసినా అడుగు గట్టిపడేంత సమయం దొరకదు. చలిగా ఉన్నా, గట్టిపడటాన్ని ఆలస్యం చేసే మందు కలిపినా ఇంకా ఎక్కువసేపు పలచగానే ఉంటుంది. అందుకే కాలమ్‌కు ఎప్పుడూ మొత్తం ఎత్తూ ద్రవమే అనుకుని లెక్కేసుకోవాలి.

ఎనిమిది క్లాంపులు ఎక్కడ పెట్టాలి

నేను పెట్టించిన సమాన దూరం 375 మి.మీ. ఆ లెక్కన అడుగు క్లాంపు మీద 450 వైపున పడిన భారం సుమారు 1,140 కిలోలు. అన్నిటికన్నా పై క్లాంపు మీద పడింది 80 కిలోలు కూడా లేదు. ఒకడు నడుం విరిగేలా మోస్తుంటే ఇంకొకడు ఊరికే చెయ్యి ఆనించి నిలబడ్డట్టు.

అవే ఎనిమిదింటిని నేల నుంచి 150, 450, 750, 1100, 1500, 2000, 2500, 2850 మి.మీ. ఎత్తుల్లో పెట్టి చూడండి. అడుగు క్లాంపు మీద సుమారు 920 కిలోలు, రెండోదాని మీద 830, మూడోదాని మీద 790, నాలుగోదాని మీద 760, ఐదోదాని మీద 720 పడుతుంది. దిగువ ఐదూ భారాన్ని దాదాపు సమానంగా పంచుకుంటున్నాయి. పై మూడింటికి పని తక్కువే గానీ, పైఅంచు తెరుచుకోకుండా, బాక్సు మూలమట్టంలో ఉండటానికి అవి కావాలి. ఇది ఈ సైజుకు, ఈ ఎత్తుకు వేసిన లెక్క. కాలమ్ నాలుగు మీటర్లయితే పైన ఇంకో మీటరుకు రెండు క్లాంపులు చేర్చేస్తే చాలదు. ఎత్తు పెరిగితే అడుగు ఒత్తిడే పెరుగుతుంది కాబట్టి కింది నుంచి మళ్లీ లెక్కేయాలి.

అడుగు క్లాంపు 150 మి.మీ. దాటి పైకి వెళ్లకూడదన్నది నా పట్టు. అక్కడ కవర్ బ్లాకో, బాక్సు అడుగున ముందే పోసిన స్టార్టర్ అంచో అడ్డొచ్చిందని క్లాంపును 250కి జరుపుతారు. ఆ కింద మిగిలిన ప్లైవుడ్ పట్టీకి కింద ఏ ఆసరా ఉండదు, పెదవిలా బయటికి తెరుచుకుంటుంది. పాలు కారేది అక్కడినుంచే.

దూరాల విషయంలో ఉదారంగా ఉండకూడదనడానికి ఇంకో కారణం ఉంది. ఆసరాల మధ్య పలక ఎంత ఉబ్బుతుందనేది ఆ దూరం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, దూరం రెట్టింపు చేస్తే ఉబ్బు రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. మందం మాత్రం మూడో ఘాతంలో కాపాడుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ బదులు 18 మి.మీ. వాడితే అది మూడు రెట్ల కన్నా ఎక్కువ గట్టిగా నిలుస్తుంది. చాలాసార్లు వాడి, నీళ్లు తాగి పొరలు లేచిన పలకకు ఈ లెక్కలేవీ వర్తించవు. దాన్ని కాలమ్ అడుగుకు కాకుండా ఇంకెక్కడైనా వాడుకోవడం మంచిది. పలక పైపొర గీతలు రన్నర్లకు అడ్డంగా వెళ్లేలా కోయించుకుంటే అదే పలక ఇంకొంచెం గట్టిగా ఉంటుంది.

భారం ఎలా ప్రయాణిస్తుందో ఒక్కసారి మనసులో గీసుకుంటే, పొట్ట ఆకారాన్ని చూసే తప్పెక్కడో చెప్పొచ్చు. కాంక్రీటు పలకను తోస్తుంది, పలక నిలువు రన్నర్లను తోస్తుంది, రన్నర్లు క్లాంపు పట్టీని తోస్తాయి, పట్టీ తన కొసల్లోని వెడ్జులను లాగుతుంది. విప్పాక ముఖం మీద నిలువుగా అలలు అలలుగా ఉంటే రన్నర్ల మధ్య ఖాళీ ఎక్కువైంది, లేదా పలక పలచన. రెండు క్లాంపుల మధ్య మాత్రమే పొట్ట ఉండి క్లాంపు దగ్గర నొక్కుకుని ఉంటే క్లాంపుల దూరం ఎక్కువ. క్లాంపు ఉన్న చోట కూడా ముఖం మధ్యలో బయటికి వచ్చి మూలల్లో సరిగా ఉంటే పట్టీయే వంగింది. ముఖం మొత్తం సమంగా బయటికి జరిగి, మూలన సన్నటి రెక్కలా సిమెంటు వచ్చి ఉంటే వెడ్జు వదులైంది. నా కాలమ్‌లో రెండోది జరిగింది.

పట్టీ వంగడం వెడల్పు ముఖాల జబ్బు. 600 మి.మీ. దాటిన ముఖానికి క్లాంపు ఎంత బిగించినా మధ్యలో పట్టీ విల్లులా వంగుతుంది. వెడ్జు మీద ఇంకో రెండు దెబ్బలు వేస్తే మూలలు బిగుస్తాయి తప్ప మధ్య భాగం వెనక్కి రాదు. అలాంటి చోట ముఖం మధ్యనుంచి పీవీసీ గొట్టంలో టై రాడ్డు దూర్చి రెండు వైపులా బిగించాలి, లేదా పట్టీ బదులు లోతైన చానల్ వాడాలి.

వెడ్జు దెబ్బ, మెలిక

సైటులో ఎక్కువగా కనబడే క్లాంపు నాలుగు ఇనుప పట్టీలది. పట్టీల్లో వరుసగా కన్నాలుంటాయి. కాలమ్ సైజుకు తగిన కన్నంలో వెడ్జు పెట్టి సుత్తితో దించితే నాలుగు వైపులా పట్టు బిగుస్తుంది. చూడటానికి తేలికే. ఇందులో రెండు చిక్కులున్నాయి.

వెడ్జు దెబ్బ బాక్సును నొక్కడమే కాదు, కొద్దిగా తిప్పుతుంది కూడా. ఎనిమిది క్లాంపుల వెడ్జులూ ఒకే దిశలో దించితే ఆ చిన్న చిన్న తిప్పులన్నీ కూడి బాక్సు మెలిక పడుతుంది. కింద చతురస్రంగా స్టార్టర్ మీద కూర్చునే ఉంటుంది, పైన మాత్రం కొన్ని డిగ్రీలు తిరిగి ఉంటుంది. నిలువు చూసే తూకం గుండు వేసినా ఇది బయటపడకపోవచ్చు. అందుకే క్లాంపుకు క్లాంపుకు దిశ మార్చి పెట్టాలి. ఒకటి ఇటు తిరిగితే దాని పైది అటు. బిగింపు కూడా ఒక్కదాన్నే చివరిదాకా బిగించి తర్వాతదానికి వెళ్లకుండా, కింది నుంచి పైకి ఒక విడత సగం బిగించి, మళ్లీ కింది నుంచి పూర్తిగా బిగించుకుంటూ రావాలి. పై అంచున రెండు కర్ణాలూ కొలిచి, రెండూ సమానంగా ఉంటే మూలమట్టం సరిగా ఉన్నట్టే గానీ, మెలిక లేదని కాదు. అదే వరుసలో ఇంకో కాలమ్ ఉంటే రెండింటి ముఖాల వెంట దారం లాగి చూస్తే మెలిక తెలిసిపోతుంది.

రెండో చిక్కు కంటికి అంత తొందరగా కనబడదు. రన్నర్లు కొన్ని 75 మి.మీ., కొన్ని 70 మి.మీ. ఉంటాయి. పాత చెక్క కదా, అరిగి ఉంటుంది. పట్టీ లావు రన్నర్‌కు తగిలి ఆగిపోతుంది, సన్న రన్నర్‌కు ఐదు మి.మీ. దూరంలోనే ఉండిపోతుంది. సుత్తి దెబ్బకు వెడ్జు ఖణేల్‌మంటుంది, బిగిసిందనుకుంటాం. కాంక్రీటు పడగానే ఆ సన్న రన్నర్ ఐదు మి.మీ. జరిగి పట్టీకి ఆనుకుంటుంది, ముఖం కూడా దానితో పాటే జరుగుతుంది. బిగించాక ప్రతి రన్నర్‌కూ పట్టీకీ మధ్య వేలితో తడిమి, ఖాళీ ఉన్నచోట చెక్క ముక్క దిగగొట్టించాలి. రెండు నిమిషాల పని.

పాలు ఎక్కడ కారతాయి

కాంక్రీటులో సిమెంటు, నీళ్లు, సన్న ఇసుక కలిసిన పలచటి భాగాన్నే సైటులో పాలు అంటాం. ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు చాలు, కంకర లోపలే ఉండిపోతుంది, పాలు బయటికి పోతాయి. వైబ్రేటర్ పెట్టిన కొద్దీ ఇంకా పోతాయి. కంకరను కంకరకు అంటించే జిగురే పోయాక మిగిలేది గులకరాళ్ల గుట్ట. విప్పాక తేనెతుట్టెలా కనబడేది అదే. కారిన పాలు నేల మీద చూడటానికి కొంచెమే ఉంటాయి, లోపల గుల్ల మాత్రం దానికన్నా పెద్దదే.

అడుగునే ఎక్కువ కారడానికి రెండు కారణాలు ఒక్కచోట కలుస్తాయి. ఒత్తిడి అక్కడే ఎక్కువ, సందులూ అక్కడే ఎక్కువ, ఎందుకంటే కింద నేల ఎప్పుడూ సమంగా ఉండదు. దీనికి మందు స్టార్టర్. కాలమ్ సైజుకు సరిగ్గా 75 నుంచి 100 మి.మీ. ఎత్తు స్టార్టర్ ముందే పోసి, దాని ముఖాలను బాక్సు గట్టిగా హత్తుకునేలా దించుతాం. స్టార్టర్ బాగుంటే బాక్సు సగం బాగున్నట్టే. అది 5 మి.మీ. ఎక్కువైతే బాక్సు కింద పూర్తిగా కూర్చోదు, తక్కువైతే చుట్టూ సందే. ఒక మూల పక్కకు జరిగి ఉంటే బాక్సు దాన్నే పట్టుకుని ఒంపుగా నిలబడుతుంది, ఆ తర్వాత పక్కనుంచి ఆనించే జాకీలు ఎన్ని పెట్టినా తూకానికి రానని మొండికేస్తుంది. అందుకే కాలమ్ బాక్సు పని స్టార్టర్ బాక్సు పెట్టిన రోజే మొదలవుతుందని నా అభిప్రాయం.

స్టార్టర్ చుట్టూ ఫోమ్ పట్టీ అంటించి, దాని మీదుగా బాక్సును నొక్కి, అడుగు క్లాంపు బిగిస్తే సందు మూసుకుంటుంది. ఆ తర్వాత నేలకూ ప్లైవుడ్‌కూ మధ్య బయటి వైపు సిమెంటు మోర్టారు మెత్తాలి. ఇది పోతకు ముందు గట్టిపడేంత వ్యవధి ఇవ్వాలి. పంపు వచ్చి నిలబడ్డాక పచ్చి మోర్టారు మెత్తితే చదరపు మీటరుకు ఏడు టన్నుల ఒత్తిడికి అది పేస్టు ట్యూబులో పేస్టులా బయటికి వస్తుంది. సందులో కాగితం, గోనెగుడ్డ లోపలి వైపునుంచి కుక్కడం మాత్రం వద్దు. అది కాంక్రీటులోనే ఉండిపోతుంది, కాలమ్ సరిగ్గా మోయాల్సిన చోట కోత పెట్టినట్టు అవుతుంది.

మిగతా సందులు మూలల్లో ఉంటాయి. రెండు పలకలు కలిసేచోట లోపల త్రికోణపు చాంఫర్ పట్టీ మేకులతో కొడితే రెండు పనులు జరుగుతాయి. కాలమ్ మూల వాడిగా లేకుండా, చిట్లిపోకుండా ఉంటుంది, పాలు పోయే దారి మూసుకుంటుంది. పట్టీ లేకపోతే మూల సందు మీద టేపు అంటించి రన్నర్‌తో నొక్కాలి. పాత పలకల మేకు కన్నాలు కూడా మరిచిపోవద్దు. అడుగు క్లాంపు ఉన్న ఎత్తులో ఒక్క 8 మి.మీ. కన్నం చాలు, చుట్టూ పిడికెడు గుల్ల ఏర్పడటానికి.

సందులు దొరికేది చీకట్లో. బాక్సు నిలబెట్టాక పైనుంచి టార్చి వేసి, ఇంకొకరు బయట మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ చూస్తే వెలుతురు ఎక్కడ బయటికి వస్తే పాలు కూడా అక్కడ వస్తాయి. పగలైతే బయటినుంచి వెలుతురు పడుతుంటే లోపలికి చూడండి. అదే చూపులో అడుగున రంపపు పొట్టు, బైండింగ్ వైరు ముక్కలు ఏమైనా ఉన్నాయేమో కూడా కనబడుతుంది. వాటిని తీయడానికి అడుగున ఒక వైపు చిన్న తలుపులా వదిలిపెట్టడం మంచి అలవాటు. ఆ తలుపును మూసేటప్పుడు కూడా ఒక రన్నర్, ఒక క్లాంపు దాని మీదుగా వెళ్లాలి. మేకులతో మాత్రమే మూసిన తలుపు సగం పోత అయ్యాక ఊడిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ అర నిమిషంలో నేల మీదకు ఎంత వస్తుందో చూసినవాళ్లకే తెలుసు.

తూకం క్లాంపు పని కాదు

ఇక్కడ చాలామందికి ఒక గందరగోళం ఉంటుంది. బాక్సు ఒరిగిందంటే క్లాంపులు ఇంకా బిగిస్తారు. క్లాంపుకు ఒరుగుడుతో సంబంధమే లేదు. లోపలి కాంక్రీటు ఎదురెదురు ముఖాలను సమానంగా తోస్తుంది, ఆ తోపులను క్లాంపులే ఒకదాంతో ఒకటి కట్టేస్తాయి. కాబట్టి నిలువుగా ఉన్న బాక్సును కాంక్రీటు తనంతట తాను ఏ పక్కకూ పడదోయదు. బాక్సు ఒరిగేది బయటి కారణాల వల్ల: పంపు గొట్టం కొట్టే దెబ్బ, బాక్సుకే నిచ్చెన ఆనించి ఎక్కిన మనిషి, గాలి, ఒక వైపే బిగించిన జాకీ. లేదా లోపలి ఇనుమే ఒంపుగా ఉండి బాక్సును నెడుతూ ఉండొచ్చు. తూకం పట్టాల్సింది పక్క జాకీలు. క్లాంపు పొట్టను ఆపుతుంది, జాకీ ఒంపును ఆపుతుంది, ఒకదాని పని ఇంకొకటి చెయ్యలేదు.

జాకీలు బాక్సు పైభాగాన, ఎత్తులో మూడింట రెండు వంతులకు పైన పట్టుకుని, నేలతో 45 నుంచి 60 డిగ్రీల కోణంలో దిగాలి. నెట్టడం, లాగడం రెండూ చేసే మరతో ఉన్నవైతే ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు వైపుల చాలు. కేవలం నెట్టే కర్రలైతే నాలుగు వైపులా ఉండాల్సిందే, ఎందుకంటే కర్ర లాగలేదు. కింది కొస పోసిన స్లాబులో వదిలిన కొక్కానికో, దిగ్గొట్టిన మేకుకో కట్టి ఉండాలి. ఇసుక మీదో, ఇటుక మీదో పెట్టిన జాకీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తూకం చూడటానికి పాత గుండే ఇప్పటికీ నాకు నమ్మకం. రెండు మీటర్ల రసమట్టం బాక్సుకు ఆనిస్తే, పలక మీది మిట్టపల్లాలు కూడా అందులోకి వస్తాయి. గుండు పద్ధతి ఇది. పై అంచున బయటికి ఒక చెక్క ముక్క కొట్టి, ముఖం నుంచి సరిగ్గా 100 మి.మీ. దూరంలో మేకు వేసి గుండు వేలాడదీయాలి. గాలికి ఊగుతుంటే గుండును నీళ్ల బకెట్టులో మునిగేలా వదిలితే నిమిషంలో నిలుస్తుంది. అప్పుడు దారానికీ ముఖానికీ మధ్య దూరాన్ని పైన, మధ్యలో, 600 మి.మీ. ఎత్తులో, అడుగున కొలవాలి. రన్నర్ల మీద కాదు, రన్నర్ల మధ్య పలక మీద. ఆనుకుని ఉన్న రెండు ముఖాలకూ ఇలాగే.

ఈ నాలుగు అంకెలు చదవడం తెలిస్తే చాలా విషయాలు చెబుతాయి. పైన 100, మధ్యలో 97, అడుగున 94 వచ్చిందనుకుందాం. అంకెలు ఒకే తీరున తగ్గుతున్నాయి, అంటే ముఖం తిన్నగానే ఉంది గానీ బాక్సు ఒరిగింది. పైభాగం దారానికి దూరంగా, అవతలి వైపుకు 6 మి.మీ. వాలింది. పైభాగాన్ని దారం వైపుకు 6 మి.మీ. లాగాలి. ఇదే పోత అయ్యాక పైన 100, మధ్యలో 98, 600 ఎత్తులో 91, అడుగున 99 వస్తే బాక్సు ఒరగలేదు, అడుగున పొట్ట వచ్చింది. ఈ రెండో దాన్ని జాకీతో సరిచేయబోతే పొట్ట పోదు, తూకం మాత్రం చెడుతుంది.

కొలిచే వరుస కూడా ముఖ్యం. క్లాంపులన్నీ పూర్తిగా బిగించాకే తుది తూకం చూడాలి, ఎందుకంటే బిగింపే బాక్సును కదిలిస్తుంది. తూకం పట్టాక మళ్లీ వెడ్జు ముట్టుకుంటే మళ్లీ గుండు వేయాలి. ఇక ఇనుము ఒంపుగా ఉందేమో బాక్సు దించక ముందే చూసుకోవాలి. కవర్ బ్లాకులు నాలుగు వైపులా ఉన్నాయంటే సరిపోదు, ఏ వైపైనా బ్లాకు పలకను గట్టిగా నొక్కుతుంటే ఇనుమే బాక్సును తోస్తోందని అర్థం. జాకీతో బలవంతంగా తూకం పట్టినా, జాకీ తీయగానే స్ప్రింగులా వెనక్కి వస్తుంది.

ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు అన్నది ఆ పని స్పెసిఫికేషన్ చెప్పాలి. సైజు విషయంలో ఐఎస్ 456 కాలమ్ కొలత 12 మి.మీ. పెరగడాన్నీ, 6 మి.మీ. తగ్గడాన్నీ అనుమతిస్తుంది. నా 18 మి.మీ. పొట్ట ఆ హద్దు దాటినదే. తూకానికి నేను సొంతంగా పెట్టుకున్న హద్దు అంతస్తు ఎత్తుకు 5 మి.మీ., పోతకు ముందు. పోతలో ఇంకొంచెం కదులుతుంది కాబట్టి ముందే హద్దు చివరిదాకా వాడేసుకోకూడదు.

పోసేటప్పుడు

బాక్సు బాగున్నా పోత దాన్ని పాడుచేయగలదు. మొత్తం కాంక్రీటును ఒకేసారి కుమ్మరించి, ఆ తర్వాత వైబ్రేటర్ కిందిదాకా దించి తిప్పడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. సుమారు 400 మి.మీ. పొర పోయాలి, వైబ్రేటర్ సూదిని ఆ పొర గుండా కింది పొరలోకి 100 మి.మీ. వరకే దించాలి, గాలి బుడగలు ఆగగానే నెమ్మదిగా పైకి తీయాలి. అంతకన్నా లోతుకు దించితే కాస్త కుదురుకుంటున్న అడుగు మళ్లీ ద్రవమై, పూర్తి ఒత్తిడి మళ్లీ వస్తుంది. సూదిని ప్లైవుడ్‌కు ఆనించి తిప్పితే వెడ్జులు వాటంతటవే వదులవుతాయి. ఆ చప్పుడు వేరుగా ఉంటుంది, టకటకమని వినబడగానే ఆపించాలి.

ఒకే కాలమ్‌ను ఆపకుండా పైదాకా నింపే బదులు, వరుసలో నాలుగైదు కాలమ్‌లు ఉంటే ఒక్కోదాన్ని మీటరున్నర నింపుకుంటూ తిరిగి రావడం నాకిష్టం. అరగంట, ముప్పావుగంట తర్వాత మళ్లీ మొదటిదానికి వస్తే అడుగు కొంత కుదురుకుని ఉంటుంది, తోపు కొంత తగ్గుతుంది. దీన్ని అదనపు రక్షణగానే లెక్కేసుకోవాలి, క్లాంపులు తగ్గించడానికి సాకుగా కాదు. ఆలస్యమూ మరీ ఎక్కువ కాకూడదు. సూది దాని బరువుకే కింది పొరలోకి దిగుతున్నంత వరకు పర్వాలేదు. దిగకుండా తన్నితే రెండు పొరల మధ్య అతుకు పడ్డట్టే.

పోస్తున్నంతసేపూ ఒక మనిషి కింద ఉండాలి, చేతిలో సుత్తి, నాలుగు వెడ్జులు, రెండు చెక్క ముక్కలు, ఒక అదనపు క్లాంపు, కొంచెం గోనెగుడ్డ. అతని కళ్లు అడుగు మీటరు మీదే ఉండాలి. గుండు దారం అలాగే వేలాడుతుంటే పొట్ట మొదలైన క్షణంలోనే తెలుస్తుంది. పొట్ట కనబడితే మొదట చేయాల్సింది పోత ఆపి వైబ్రేటర్ తీయించడం. తర్వాత పొట్ట ఉన్న ఎత్తులో అదనపు క్లాంపు వేసి, ఇంకా ఉబ్బకుండా పట్టుకోవాలి. వెడ్జు కొట్టి పొట్టను లోపలికి నొక్కేయాలని చూడొద్దు. లోపలున్నది నలిగేది కాదు, వెడ్జు దెబ్బకు పక్క మూల తెరుచుకుంటుంది. వచ్చిన పొట్టను తర్వాత చెక్కుకోవచ్చు, తెరుచుకున్న మూలను పట్టుకోలేం. పాలు కారుతుంటే గోనెగుడ్డను బయటినుంచి చెక్క ముక్కతో నొక్కి పట్టి, ఆ ఎత్తులో వైబ్రేటర్ కొన్ని నిమిషాలు ఆపితే చాలావరకు కంకర, ఇసుక తామే సందులో ఇరుక్కుని కారడం ఆగుతుంది.

పోత అయిపోగానే పనివాళ్లు కాళ్లు కడుక్కుంటారు. అసలు తూకం చూడాల్సింది అప్పుడే. పైదాకా నిండిన అరగంటలోపు గుండు దూరాలు నాలుగూ మళ్లీ కొలవాలి. పైభాగం 4 మి.మీ. ఒరిగి ఉంటే జాకీ మర ఒక చుట్టు తిప్పితే వచ్చేస్తుంది, కాంక్రీటు ఇంకా మెత్తగానే ఉంది. గట్టిపడటం మొదలయ్యాక అదే చుట్టు తిప్పితే తూకం కుదురుతుంది గానీ అడుగున అడ్డంగా పగులు వస్తుంది, ఇనుముకు కాంక్రీటుతో ఉన్న పట్టు వదులుతుంది. ఆ దశలో 4 మి.మీ. ఒంపుతోనే వదిలేయడం నయం.

మామూలు వాతావరణంలో 16 నుంచి 24 గంటలకు బాక్సు విప్పొచ్చు. విప్పేటప్పుడు పలకను వెంటనే కడిగేయకుండా, ఏ పలక ఏ ముఖానిదో సుద్దతో రాసి పక్కన పెట్టించండి. కాంక్రీటు మీద పాలు కారిన చోట రంగు చుట్టూ కన్నా ముదురుగా ఉంటుంది, నీళ్లు బయటికి పోయి సిమెంటు దట్టంగా మిగిలిన గుర్తు అది. ఆ ముదురు మచ్చ ఎదురుగా పలక మీద ఏ సందు, ఏ మేకు కన్నం ఉందో చూస్తే, తర్వాతి కాలమ్‌కు ఎక్కడ టేపు అంటించాలో, ఏ రన్నర్ మార్చాలో అప్పటికప్పుడే తేలిపోతుంది.